యూట్యూబ్‌లో ఎర్ర గీత కనబడట్లేదా? వాచ్ హిస్టరీ ఆగిపోతే జరిగేదేమిటి, దాన్ని సరిచేయడం ఎలా

పర్లాకిమిడిలో నాది చిన్న నెట్ సెంటర్. మహేంద్రతనయ దాటితే పాతపట్నం కాబట్టి అటువాళ్ళూ ఇటువాళ్ళూ వస్తుంటారు. ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "బాబూ, సగం చూసి ఆపిన వీడియో మళ్ళీ మొదటినుంచి వస్తోంది, కింద ఎర్ర గీత లేదు. ఫోన్‌కి ఏటైంది?"

ఫోన్‌కి ఏమీ కాలేదు. పదింట్లో ఎనిమిదిసార్లు వాచ్ హిస్టరీని ఎవరో ఆపేసి ఉంటారు. ఆ ఎవరో చాలాసార్లు ఇంట్లోవాళ్ళే. తిరిగి ఆన్ చేయడం రెండు నిమిషాల పని. అయితే ముందు ఏం చూసుకోవాలి, మధ్యలో పోయిన రోజుల లెక్క ఎలా కూడదీసుకోవాలి అన్నది ఎవరూ చెప్పరు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

## 1. ముందు ఏ గీత పోయిందో తేల్చుకోండి

యూట్యూబ్‌లో ఎర్ర గీతలు రెండు. ఒకటి వీడియో ఆడుతున్నప్పుడు దాని అడుగున కదిలే గీత. వేలితో జరిపి ముందుకీ వెనక్కీ వెళ్ళేది దీంతోనే. హిస్టరీ ఆగినా ఇది మామూలుగానే ఉంటుంది.

రెండోది వీడియోల జాబితాలో, చిన్న బొమ్మ అడుగున ఉంటుంది. సగం చూస్తే సగం దాకా, పూర్తిగా చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా కనిపిస్తుంది. హిస్టరీ ఆపితే పోయేది ఇదే.

మా దగ్గరికొచ్చినవాళ్ళు కొందరు "గీత కదులుతోంది కదా, మరి హిస్టరీ ఆన్‌లో ఉన్నట్టే కదా" అంటారు. కాదు. ఆడుతున్నప్పటి గీతని మీ ఫోన్ అక్కడికక్కడ గీస్తుంది. బొమ్మ కింద గీత రావాలంటే మాత్రం మీరు ఏ వీడియో ఎంతవరకు చూశారో మీ అకౌంట్‌లో రాసి ఉండాలి.

## 2. ఆపితే ఇవి ఎందుకు మాయమవుతాయి

కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోండి. వాచ్ హిస్టరీ అలాంటిదే. మీరు వీడియో చూస్తుంటే అకౌంట్ ఖాతాలో ఒక పద్దు పడుతుంది: ఏ వీడియో, ఎప్పుడు, ఎన్నో నిమిషం దాకా. హిస్టరీ పేజీలో వరస ఆ పద్దుల్లోంచే వస్తుంది. బొమ్మ కింద గీతా, ఆపిన చోటినుంచి మొదలవడమూ ఆ పద్దుల మీదే ఆధారపడ్డాయి.

`Pause watch history` నొక్కారంటే పుస్తకం మూసేసినట్టు. ఆ తర్వాత చూసినవాటికి పద్దు పడదు. పద్దు లేదు కాబట్టి చూపించడానికి గీతా లేదు.

ఇందులో మూడు సంగతులు బాగా గుర్తుంచుకోవాలి. ఆపకముందు పడిన పద్దులు చెరిగిపోవు, పాత తేదీలతో అలాగే ఉంటాయి. ఆపి ఉంచిన రోజుల్లో చూసినవి తర్వాత ఆన్ చేసినా తిరిగి రావు. అవి ఎక్కడో దాచి ఉండవు, అసలు రాయనే లేదు. ఇక మూడోది, ఈ ఆపడం ఫోన్‌కి సంబంధించింది కాదు, అకౌంట్‌కి సంబంధించింది. అదే అకౌంట్ టీవీలో ఉంటే టీవీలో ఆపినా మీ ఫోన్‌లో గీత పోతుంది. ఎక్కువమంది తికమకపడేది ఈ మూడో దాని దగ్గరే.

## 3. ఏదీ నొక్కకముందు చేయాల్సినవి

తొందరపడి మెనూలో కనబడిన ప్రతిదీ నొక్కకండి. `Pause watch history` ఉన్నచోటే `Clear all watch history` కూడా ఉంటుంది. ఫోన్ ఒడియాలోనో హిందీలోనో పెట్టుకుని, ఆ లిపి సరిగ్గా రానివాళ్ళు రెండోది నొక్కేసి ఉన్న పాత పద్దులు కూడా పోగొట్టుకున్నారు. అది తిరిగి రాదు. మెనూ చదవడం కష్టమైతే యాప్ భాషని ముందు తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చుకుని మొదలుపెట్టండి. ఇక్కడ నేను మెనూ పేర్లు ఇంగ్లీషులో తెరమీద కనిపించేట్టే ఇస్తున్నాను. యాప్ పాతదో కొత్తదో అయితే ఒకటి రెండు మాటలు తేడా ఉండొచ్చు.

మొదలుపెట్టేముందు ఈ నాలుగూ చూసుకోండి:

- యాప్‌లో కుడివైపు కింద మీ ఫోటో నొక్కి, పైన ఏ పేరు, ఏ జీమెయిల్ ఉందో చదవండి.
- `History` తెరిచి అన్నిటికంటే పైనున్న వీడియో తేదీ కాగితం మీద రాసుకోండి.
- ఆ అకౌంట్ ఇంకెక్కడెక్కడ ఉందో గుర్తు చేసుకోండి: ఇంటి టీవీ, తమ్ముడి ల్యాప్‌టాప్, పాత ఫోన్.
- ఇంట్లో ఎవరైనా కావాలనే ఆపారేమో అడగండి.

వీటిలో రెండోది చాలా ముఖ్యం. రోజూ చూస్తున్నా చివరి పద్దు మే 4 దగ్గర ఆగి ఉంటే, ఆ రోజో మర్నాడో ఎవరో ఆపారన్నమాట. తర్వాత పోయిన పాఠాలు వెతుక్కోవడానికి ఈ తేదీయే మీకు ఆధారం.

## 4. ఆగింది హిస్టరీయేనా? ఇలా పరీక్షించండి

ఇంతకుముందు ఎన్నడూ చూడని వీడియో ఒకటి తెరవండి. రెండు నిమిషాలు చూసి బయటికి వచ్చి `History` తెరవండి. పేజీని కిందికి లాగి వదిలితే కొత్తగా తెచ్చుకుంటుంది. ఆ వీడియో పైన కనిపిస్తే హిస్టరీ బాగానే ఉన్నట్టు, మీ సమస్య వేరే. కనిపించకపోతే ఆగి ఉన్నట్టే.

ఇంకో గుర్తు కూడా ఉంది. అకౌంట్ కొత్తదైనా, పాత హిస్టరీ పెద్దగా లేకపోయినా, యూట్యూబ్ మొదటి పేజీ దాదాపు ఖాళీగా ఉండి `Your watch history is off` అని కనిపిస్తుంది. 2023 ఆగస్టు నుంచి ఈ పద్ధతి ఉంది. చాలామంది దాన్ని చూసి నెట్ రావట్లేదనుకుని రీఛార్జ్ కోసం వస్తారు. పాత హిస్టరీ బాగా ఉన్న అకౌంట్‌లో మాత్రం మొదటి పేజీ నిండుగానే ఉండొచ్చు, కాబట్టి ఖాళీ పేజీ లేదని హిస్టరీ ఆన్‌లో ఉందనుకోవద్దు. రెండు నిమిషాల పరీక్షే నమ్మండి.

## 5. తిరిగి ఆన్ చేయడం

ఫోన్‌లో అయితే మీ ఫోటో, తర్వాత `History`, ఆపైన కుడి మూల మూడు చుక్కలు. హిస్టరీ ఆగి ఉంటే అక్కడ `Pause watch history` బదులు `Turn on watch history` ఉంటుంది. అది నొక్కండి.

ఇప్పుడు పెద్ద పేజీ ఒకటి వస్తుంది, గూగుల్ ఏమేం దాస్తుందో చెప్పేది. ఇక్కడే సగంమంది ఆగిపోతారు. చదివి వెనక్కి వచ్చేస్తారు, పని అయిపోయిందనుకుంటారు. కిందదాకా జరిపి అడుగున `Turn on` నొక్కితేనే పని అవుతుంది.

కంప్యూటర్‌లో అయితే ఈ అడ్రస్ చాలు:

```
youtube.com/feed/history
```

కుడివైపున అదే `Turn on watch history` కనిపిస్తుంది.

ఆన్ చేసినా పరీక్షలో వీడియో రాకపోతే ఇంకో మెట్టు ఉంది. ఇది తెలియక ఒకసారి నేనే గంటసేపు కొట్టుకున్నాను. ఈ పేజీ తెరవండి:

```
myactivity.google.com
```

అందులో `YouTube History` లోకి వెళ్ళండి. పైన ఆన్ అని ఉన్నా, లోపల రెండు గడులు విడిగా ఉంటాయి. ఒకటి మీరు చూసే వీడియోలకి, `Include the YouTube videos you watch`. ఇంకొకటి మీరు వెతికే మాటలకి, `Include your searches on YouTube`. మొదటి గడిలో టిక్కు లేకపోతే పైన ఆన్ ఉన్నా చూసినవి పడవు, వెతికినవి మాత్రమే పడతాయి. వెతికిన మాటలు గుర్తుంటున్నాయి, చూసిన వీడియోలు గుర్తుండట్లేదు అని ఎవరైనా చెబితే నేను తిన్నగా ఈ గడి దగ్గరికే వెళ్తాను.

టీవీలో యూట్యూబ్ తెరిచి ఎడమవైపు `Settings` లోకి వెళ్తే అక్కడా హిస్టరీ ఆపే, చెరిపే మీటలు ఉంటాయి. ఒకే అకౌంట్ కాబట్టి ఫోన్‌లో ఆన్ చేస్తే టీవీకీ అదే వర్తిస్తుంది. టీవీలో విడిగా చేయక్కర్లేదు.

అంతా అయ్యాక 4వ భాగంలోని పరీక్ష మళ్ళీ చేయండి. పరీక్ష చేయకుండా ఫోన్ జేబులో పెట్టుకోకండి.

## 6. ఆన్‌లోనే ఉంది, అయినా గీత లేదు

ఇలా అయితే కారణం నాలుగింట్లో ఒకటి అయి ఉంటుంది.

అకౌంట్ మారింది. ఇది అన్నిటికంటే ఎక్కువ. మా వైపు ఒక ఫోన్‌లో ముగ్గురి జీమెయిళ్ళు ఉండటం మామూలే. పైగా కొన్న రోజున షాపువాడు పెట్టిన జీమెయిల్ ఒకటి. ఒక్కో అకౌంట్‌కి ఒక్కో ఖాతా పుస్తకం. ఒకే జీమెయిల్ కింద ఇంకో ఛానెల్ పెట్టుకుని ఉంటే దాని హిస్టరీ కూడా వేరే. ఫోటో నొక్కి అకౌంట్ మార్చి చూడండి, పోయిన గీతలన్నీ అక్కడ నిక్షేపంగా ఉంటాయి.

ఇన్‌కాగ్నిటోలో చూశారు. యాప్‌లో మీ ఫోటో ఉండాల్సిన చోట టోపీ, కళ్ళజోడు బొమ్మ ఉంటే అదే. అందులో చూసింది ఏదీ అకౌంట్‌లో పడదు.

పద్దు చెరిగింది. ఎవరైనా ఆ ఒక్క వీడియోని హిస్టరీలోంచి తీసేసినా, మొత్తం చెరిపినా గీత పోతుంది. తనంతట తానే చెరిగే ఏర్పాటు కూడా ఉంది: 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు గడువులు. అందులో 3 నెలలది పెట్టుకుంటే సంక్రాంతికి చూసిన పాఠం గీత వేసవి సెలవులకి ఉండదు. ఆపిన హిస్టరీకీ దీనికీ తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఆపితే కొత్త పద్దులు ఉండవు, పాతవి ఉంటాయి. గడువుతో చెరిగితే పాతవి ఉండవు, కొత్తవి ఉంటాయి.

నెట్ మధ్యలో పోయింది. ఎంత చూశారో రాయడానికి నెట్ కావాలి. ఘాట్ రోడ్డు మీద బస్సులో చూస్తూ సిగ్నల్ పోయి యాప్ మూసేస్తే గీత మీరు నిజంగా చూసినదానికంటే కాస్త వెనక ఉండొచ్చు. పూర్తిగా లేకుండా పోవడం మాత్రం దీనివల్ల అరుదు.

## 7. మధ్యలో పోయిన రోజుల్ని కూడదీయడం: ఒక అమ్మాయి సంగతి

టెట్‌కి చదువుతున్న అమ్మాయి ఒకామె వచ్చింది. ఒక్కోటి గంటా పది నిమిషాలుండే పాఠాలు, మొత్తం 48. "అన్నా, ఎన్నో పాఠం దాకా చూశానో తెలీట్లేదు. అన్నీ కొత్తవాటిలాగే కనబడుతున్నాయి. పరీక్ష దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది" అంది.

హిస్టరీ తెరిస్తే చివరి పద్దు 19 రోజుల కిందటిది. పాఠాల్లో 17 దాకా నిండు గీతలు, 18 నుంచి ఏమీ లేవు. రెండు నిమిషాల పరీక్ష పెడితే వీడియో పడలేదు. హిస్టరీ ఆగింది.

ఎవరు ఆపారని అడిగితే తెలీదంది. ఇంటి టీవీలో అకౌంట్ ఉందా అంటే ఉందట. ఫోన్ తెర చిన్నదని రాత్రిపూట టీవీలో పాఠాలు చూసేదట. పగలు అదే టీవీలో అప్ప కొడుకు బొమ్మల వీడియోలు చూస్తాడు. ఆమె మొదటి పేజీ అంతా కార్టూన్లతో నిండిపోతే, మంచి చేద్దామని బావగారు టీవీలోనే హిస్టరీ ఆపేశారు. కార్టూన్లతోపాటు పాఠాల పద్దులూ ఆగిపోయాయి. గుంటడిని ఏమనగలం?

ఆన్ చేశాం, పరీక్ష పెట్టాం, పడింది. ఇక మిగిలింది 19 రోజుల ఖాళీ. యూట్యూబ్ దగ్గర ఆ లెక్క లేదు కాబట్టి బయటి ఆధారాలు వెతికాం.

మొదటి ఆధారం ఆమె నోట్సు. పాఠం నంబరు పైన వేసే అలవాటు ఉంది. 18 నుంచి 25 దాకా పూర్తి నోట్సు, 26కి సగం పేజీ. రెండోది తమ్ముడి ల్యాప్‌టాప్. కొన్ని పాఠాలు అందులో క్రోమ్‌లో చూసింది. క్రోమ్ హిస్టరీ వేరు, యూట్యూబ్ హిస్టరీ వేరు. యూట్యూబ్‌లో ఆపినా బ్రౌజర్ తాను తెరిచిన పేజీల్ని 90 రోజుల దాకా గుర్తుంచుకుంటుంది. అడ్రస్ పెట్టెలో ఇది కొట్టాం:

```
chrome://history
```

వెతికేచోట పాఠాల ఛానెల్ పేరు రాస్తే 20, 21, 24 నంబర్లు తేదీలతో సహా వచ్చాయి. నోట్సుతో సరిపోయాయి. ఫోన్ యాప్‌లోనూ టీవీలోనూ చూసినవి ఇలా దొరకవు, అది మాత్రం గుర్తుంచుకోండి. అలా దొరకనివాటికి లైక్ కొట్టిన వీడియోల జాబితా, స్నేహితులకి వాట్సాప్‌లో పంపిన లింకులు పనికొస్తాయి. ఇవి రెండూ వాచ్ హిస్టరీ ఆపినా ఉంటాయి.

ఇప్పుడు గీతలు తిరిగి పెట్టడం. దీనికి మళ్ళీ తొమ్మిది పాఠాలూ చూడక్కర్లేదు. ఇలా చేశాం:

1. 18వ పాఠం తెరిచి, ఆడుతున్న గీతని వేలితో చివరి నిమిషం దాకా జరిపాం.
2. పది పదిహేను సెకన్లు ఆడనిచ్చి బయటికి వచ్చాం. తెరిచీ తెరవగానే మూసేస్తే పద్దు పడకపోవచ్చు.
3. అదే వరసలో 19, 20, అలా 25 దాకా.
4. చివరగా 26. నోట్సులో ఆగిన విషయం వీడియోలో 41వ నిమిషం దగ్గర దొరికింది. అక్కడికి జరిపి పది సెకన్లు ఆడనిచ్చి ఆపేశాం.

వరస ఎందుకంటే హిస్టరీలో చివర తెరిచింది పైన ఉంటుంది. 26ని చివర తెరిస్తే రేపు ఆమె చూడాల్సిన పాఠమే జాబితా తలమీద కూర్చుంటుంది. తేదీలు మాత్రం అన్నింటికీ ఈరోజువే పడతాయి. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

పావుగంటలో అయిపోయింది. జాబితా మళ్ళీ తెరిస్తే 25 దాకా నిండు గీతలు, 26 కింద సగం దాటి గీత. సెట్ చేసిన పని సరిగ్గా ఉందో లేదో 26ని నొక్కి చూశాం, 41వ నిమిషం దగ్గరే మొదలైంది.

టీవీ సంగతి మిగిలింది. దానిలో అప్ప కొడుకు చూసేటప్పుడు అకౌంట్ల పేజీలో గెస్ట్‌ని ఎంచుకోమని బావగారికి ఫోన్‌లో చెప్పాం. గెస్ట్‌లో చూసినవి ఆమె అకౌంట్‌లో పడవు. "ఓస్, ఇంతేనా, ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారాయన.

## 8. హిస్టరీ ఆపే ఉంచాలి, కానీ ఎక్కడ ఆపానో తెలియాలి అంటే

కొంతమందికి హిస్టరీ ఆపడానికి సరైన కారణమే ఉంటుంది. ఇంట్లో నలుగురూ వాడే ఫోన్‌లో తాను చూసేది అందరికీ కనబడకూడదు అనుకోవడం తప్పేమీ కాదు. ఆపి ఉంచి గీత మాత్రం రావాలంటే కుదరదు. రెండూ ఒకే పుస్తకంలోవి.

నన్నడిగితే హిస్టరీ ఆన్‌లోనే ఉంచి, వద్దనుకున్న వీడియోని ఒక్కదాన్నే తీసేయడం మేలు. హిస్టరీలో ఆ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కితే `Remove from watch history` ఉంటుంది. ముందే తెలిస్తే ఇన్‌కాగ్నిటోలో చూడండి.

అయినా ఆపే ఉంచుతానంటే వీడియో లింకులో సమయం దాచుకోవచ్చు. మీరు 32 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఆపారనుకోండి. 32ని 60తో గుణిస్తే 1920, దానికి 10 కలిపితే 1930 సెకన్లు. షేర్ నొక్కి లింకు తీసుకుని చివర ఇలా చేర్చండి:

```
https://youtu.be/VIDEO_ID?t=1930
```

లింకులో ముందే ఒక ప్రశ్న గుర్తు ఉంటే `?t=` బదులు `&t=` రాయాలి. ఇది మీ వాట్సాప్‌కి మీరే పంపుకుంటే, నొక్కగానే అక్కడినుంచే మొదలవుతుంది. కంప్యూటర్‌లో ఈ లెక్క కూడా అక్కర్లేదు. షేర్ పెట్టెలో `Start at` పక్కన టిక్కు పెడితే లింకులో సమయం అదే చేరుతుంది.

చూడాల్సినవాటికి `Watch later` జాబితా వాడండి. హిస్టరీ ఆపినా అందులో పెట్టినవి అలాగే ఉంటాయి. చూసేసినవాటిని మీరే ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉండాలి, ఎందుకంటే ఏది చూశారో చెప్పే పద్దు ఇప్పుడు అకౌంట్‌లో లేదు.